పడబోయే వైపే హ్యాండిల్

(హైదరాబాద్‌లో సైకిల్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు, నేర్పేవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేరుగా విషయంలోకి వెళ్దాం.

ఇక్కడ వేదిక మీద ఒక మామూలు సైకిల్ పెట్టాం. 26 అంగుళాల చక్రాలు, గేర్లు లేవు. దీని స్టాండు తీసి చెయ్యి వదిలేస్తే ఒకట్రెండు సెకన్లలో కింద పడుతుంది. అదే సైకిల్ మీద మనిషి కూర్చుని తొక్కుకుంటూ పోతే పడదు. ఎందుకు పడదు అని అడిగితే రెండు జవాబులు ఎక్కువగా వినిపిస్తాయి. వేగంగా పోతోంది కాబట్టి అని కొందరు, చక్రాలు బొంగరాల్లా తిరుగుతున్నాయి కాబట్టి అని కొందరు. ఈ రెండు జవాబులనూ ఒకే పరీక్షకు పెట్టొచ్చు. హ్యాండిల్ అటూ ఇటూ కదలకుండా దాన్ని ఫ్రేముకు గట్టిగా కట్టేశారనుకోండి. వేగం అంతే ఉంటుంది, చక్రాలూ అంతే తిరుగుతాయి. అయినా ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా కొన్ని గజాలు పోయేలోపే పడిపోతారు. ఇంటికి వెళ్లి ఎవరూ ఈ పని చేసి చూడకండి, దెబ్బలు తగులుతాయి. ఆ పరీక్ష చెప్పేది మాత్రం గుర్తుంచుకోండి. సైకిల్‌ను నిలబెట్టేది ముందు చక్రం పక్కకు తిరగగలగడం. వేగం ఆ పనిని తేలిక చేస్తుంది, చక్రాల తిరుగుడు దానికి కొంత సాయం చేస్తుంది. అంతకుమించి వాటి పాత్ర లేదు.

మరి ముందు చక్రం ఎటు తిరగాలి? సైకిల్ ఎటు పడబోతుంటే అటే. కుడివైపు ఒరుగుతుంటే హ్యాండిల్ కుడికే తిరగాలి. కొత్తగా ఎక్కినవాళ్ల చేతులు భయంతో ఎడమకు లాగుతాయి. సైకిల్ నేర్చుకోవడంలో ఉన్న కష్టమంతా దాదాపు ఇక్కడే ఉంది.

అరచేతిలో పొడవాటి కర్రను నిలబెట్టే ఆట మీ అందరికీ తెలుసు. కర్ర కుడికి పడబోతే చెయ్యిని కుడికి జరుపుతాం. కర్ర పైభాగాన్ని వెనక్కి లాగం, దాని కిందికి చెయ్యిని తీసుకుపోతాం. సైకిల్‌లో ఆ అరచెయ్యి స్థానంలో ఉండేది రెండు టైర్లు నేలను తాకే చోట్లను కలిపే గీత. మన బరువు, సైకిల్ బరువు కలిసి పనిచేసే బిందువు, అంటే గరిమనాభి, సుమారుగా నడుము ఎత్తులో, నేల నుంచి మీటరు పైన ఉంటుంది. ఆ బిందువు గీతకు సరిగ్గా పైన ఉన్నంతసేపే నిలకడ. పక్కకు జరిగిందా, పడిపోవడం మొదలైనట్టే. ఇప్పుడు గీతను దాని కిందికి జరపాలి. కానీ టైరు అడ్డంగా జరగదు, ముందుకే దొర్లుతుంది. అందుకని కుడికి తిప్పి ముందుకు పోతే, పోతూ పోతూ రెండు టైర్లూ కుడికి వస్తాయి. ముందుకు పోతున్నప్పుడే పక్కకు జరగగలదు కాబట్టి ఆగిన సైకిల్ నిలబడలేదు. ఈ సంగతిని స్కాట్లాండ్ ఇంజనీరు రాంకిన్ 1869లోనే రాశారు. అప్పటికి గొలుసుతో వెనక చక్రం తిరిగే సైకిళ్లు ఇంకా వాడుకలోకి రాలేదు.

ఇప్పుడు ఒక్క ఉదాహరణ తీసుకుని లెక్క వేద్దాం. సైకిల్, మనిషి కలిపి 75 కిలోలు. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 105 సెంటీమీటర్లు. వేగం సెకనుకు 4 మీటర్లు, అంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు. మన వీధుల్లో తీరుబడిగా తొక్కే వేగం ఇంచుమించు ఇదే. గాలి తోసిందో, చిన్న రాయి తగిలిందో, సైకిల్ కుడివైపు 2 డిగ్రీలు ఒరిగింది. 2 డిగ్రీలంటే మీటరు ఎత్తులో ఉన్న గరిమనాభి గీతకు మూడున్నర సెంటీమీటర్లు పక్కకు జరిగిందన్నమాట. చూసేవాళ్ల కంటికి కూడా ఆనదు.

ఏమీ చేయకుండా వదిలేస్తే ఈ ఒరుగు దాదాపు పావు సెకనుకొకసారి రెట్టింపవుతూ పోతుంది. రెండు డిగ్రీలు నాలుగు, నాలుగు ఎనిమిది, ఎనిమిది పదహారు. ముప్పావు సెకనులో పని అయిపోతుంది. అంటే దిద్దుబాటు తొందరగా జరగాలి. ఆలోచించి చేసేంత వ్యవధి లేదు.

ఎంత తిప్పాలో చూద్దాం. భూమ్యాకర్షణ సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. 2 డిగ్రీల ఒరుగులో అది పక్కకు పడేసే వంతు, 9.8ని 0.035తో గుణిస్తే, 0.34. టైర్లు కుడివైపుకు కనీసం అంత త్వరణంతో జరిగితే పడటం ఆగుతుంది. సెకనుకు 4 మీటర్ల వేగంలో ఆ త్వరణం రావాలంటే సైకిల్ సుమారు 47 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలో తిరగాలి. 105 సెంటీమీటర్ల సైకిల్ అంత పెద్ద వలయంలో తిరగడానికి ముందు చక్రం ఒకటింపావు డిగ్రీ తిరిగితే చాలు. హ్యాండిల్ మధ్య నుంచి మన పిడికిలి దాకా 30 సెంటీమీటర్లు అనుకుంటే పిడికిలి కదలాల్సింది 7 మిల్లీమీటర్లు.

ఏడు మిల్లీమీటర్లు, అంతే. చిటికెన వేలు వెడల్పు కూడా లేదు. అయితే ఒక చిన్న తేడా ఉంది. సరిగ్గా అంతే తిప్పి ఉంచితే ఒరుగు పెరగదు, తరగదు. 2 డిగ్రీలు వాలే ఉండి 47 మీటర్ల వలయంలో సైకిల్ హాయిగా తిరుగుతుంది. మలుపు అంటే అదే. లేచి నిటారుగా రావాలంటే కాస్త ఎక్కువ తిప్పాలి, ఏడుకు బదులు ఓ పది మిల్లీమీటర్లు. అప్పుడు టైర్లు గరిమనాభి కంటే తొందరగా కుడికి వచ్చి దాని కిందికి చేరతాయి. చేరబోతుండగానే హ్యాండిల్ మళ్లీ తిన్నగా రావాలి. ఆలస్యమైతే టైర్లు దాటిపోయి సైకిల్ ఎడమకు ఒరుగుతుంది. అప్పుడు ఇదే పని ఎడమవైపు. తిన్నగా పోతున్నట్టు కనిపించే ప్రతి సైకిలూ నిజానికి ఇలా అటూ ఇటూ పడబోతూ, లేస్తూ పోతుంది. నమ్మకం లేకపోతే ఒక నీటి మడుగులోంచి పొడి సిమెంటు రోడ్డు మీదికి తొక్కుకుంటూ పోయి, వెనక్కి వచ్చి చూడండి. ముందు టైరు తడి గీత, వెనక టైరు తడి గీతను మళ్లీ మళ్లీ దాటుకుంటూ పోయి ఉంటుంది.

ఇదే లెక్కను వేగం మార్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అదే 2 డిగ్రీల ఒరుగుకు గంటకు 20 కిలోమీటర్ల వేగంలో పిడికిలి మూడున్నర మిల్లీమీటర్లు కదిలితే చాలు. నడక కంటే మెల్లగా, సెకనుకు ఒక్క మీటరు వేగంలో మాత్రం చక్రం సుమారు 20 డిగ్రీలు తిరగాలి, పిడికిలి 10 సెంటీమీటర్లకు పైగా కదలాలి. వేగం సగమైతే తిప్పాల్సింది రెండింతలు కాదు, నాలుగింతలు. ఎందుకంటే మలుపులో వచ్చే త్వరణం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. పిల్లలు మెల్లగా పోతే పడరు అనుకుని మనం "మెల్లగా, మెల్లగా" అని అరుస్తాం. మెల్లగా పోతే నిలబడటం నిజానికి కష్టమవుతుంది.

స్కూల్లో స్లో సైకిల్ రేసు చూసే ఉంటారు. చివరగా గీత చేరినవాళ్లే గెలుస్తారు, కాలు కింద పెడితే అవుట్. అందులో గెలిచే పిల్లలను గమనించండి. హ్యాండిల్‌ను చిన్న చిన్న దిద్దుబాట్లతో తిప్పరు, ఒక పక్కకు బాగా తిప్పి ఉంచుతారు. చక్రం 40, 45 డిగ్రీలు తిరిగి ఉన్నప్పుడు పెడల్‌ను రవ్వంత ముందుకు నొక్కితే, ముందు టైరు ముందుకు పోవడంతోపాటు పక్కకూ జరుగుతుంది. బరువు ఎటు పోతే అటు ఆ కాస్త జరుపుకుంటారు. సూత్రం అదే, మద్దతు గీతను బరువు కిందికి తీసుకుపోవడం. దారి మాత్రం వేరు.

సరే. పావు సెకనులో ఏడు మిల్లీమీటర్లు తిప్పాలంటే మనిషి చాలా చురుకుగా ఉండాలి కదా, మరి చేతులు వదిలేసి తొక్కేవాళ్లు ఎలా పడకుండా ఉంటున్నారు? దీనికి జవాబు సైకిల్ తయారీలోనే ఉంది. ఇప్పుడు ఈ సైకిల్‌ను సీటు పట్టుకుని నిలబెడతాను. హ్యాండిల్‌ను ఎవరూ ముట్టుకోవడం లేదు. మెల్లగా కుడికి వంచుతున్నా, చూడండి. హ్యాండిల్ తనంతట తనే కుడికి తిరిగింది. ఎడమకు వంచితే ఎడమకు. పడబోయే వైపు తిరగడం సైకిల్‌కు పుట్టుకతో వచ్చిన గుణం.

ఎందుకలా తిరుగుతుందో దగ్గరగా చూపిస్తాను. ముందు వరుసలోవాళ్లు ఒకసారి లేచి రండి. ఫోర్క్ పైభాగం తిరిగే గొట్టం నిటారుగా లేదు, వెనక్కి వాలి ఉంది. ఆ గొట్టం వెంబడి ఈ కర్రను పెట్టి నేల దాకా దించుతున్నా. కర్ర నేలను తాకిన చోట సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టండి. టైరు నేలను తాకిన చోట ఇంకో గుర్తు. టైరు గుర్తు వెనక ఉంది కదా. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. మామూలు సైకిళ్లలో ఇది 5 నుంచి 8 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కర్ర చూపిన గీతే హ్యాండిల్ తిరిగే ఇరుసు, దానికి వెనకగా నేల టైరును పైకి నెడుతోంది కాబట్టి, సైకిల్ ఒరగ్గానే ఆ నెట్టుడు చక్రాన్ని ఒరిగిన వైపే తిప్పుతుంది. ఇది మొదటి కారణం. రెండోది, హ్యాండిల్, ఫోర్క్, చక్రం కలిసిన ముందు భాగం బరువు ఆ ఇరుసుకు కాస్త ముందుకు ఉంటుంది. ఒరిగినప్పుడు ఆ బరువు కూడా అటే లాగుతుంది.

మూడోది తిరిగే చక్రం చూపే జైరోస్కోప్ ప్రభావం. బొంగరం కథ ఇక్కడికొస్తుంది కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుదాం. చక్రాలే నేరుగా సైకిల్‌ను నిలబెడతాయా అన్నది లెక్క వేసి చూడొచ్చు. మన ఉదాహరణలో 2 డిగ్రీల ఒరుగులో 75 కిలోల బరువు సైకిల్‌ను పడదోసే తిప్పుడు బలం, అంటే బలభ్రామకం, దాదాపు 26 న్యూటన్ మీటర్లు. రిమ్ము, టైరు, ట్యూబు కలిపి ఒక్కో చక్రానికి ఒకటిన్నర కిలో అనుకుందాం. అదే వేగంలో, అదే 47 మీటర్ల మలుపులో రెండు చక్రాలూ కలిసి జైరోస్కోప్‌లా ఎదురు నెట్టేది 0.34 న్యూటన్ మీటర్లు. అంటే నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు. నేరుగా నిలబెట్టడానికి అది ఏ మూలకూ చాలదు. కానీ సైకిల్ కుడికి ఒరగడం మొదలుపెట్టగానే, తిరుగుతున్న ముందు చక్రం తన స్వభావం కొద్దీ కుడికి మళ్లాలని చూస్తుంది. హ్యాండిల్‌ను తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు కాబట్టి ఆ చిన్న సాయం అక్కడ పనికొస్తుంది. ఎంత వేగంగా ఒరిగితే అంత గట్టిగా తిప్పుతుంది కూడా.

బ్రిటన్‌లో డేవిడ్ జోన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఎవరూ తొక్కలేని సైకిల్ తయారు చేయాలని పట్టుబట్టారు. ముందు చక్రం పక్కనే నేలకు తగలని ఇంకో చక్రం బిగించి, దాన్ని వెనక్కి తిప్పి, జైరోస్కోప్ ప్రభావాన్ని రద్దు చేశారు. మనిషి ఎక్కితే ఆ సైకిల్ మామూలుగానే నడిచింది. మనిషి లేకుండా తోసి వదిలితే మాత్రం తొందరగా పడిపోయింది. ఈ ప్రయోగాలను 1970లో ప్రచురించారు. తర్వాత 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. జైరోస్కోప్ ప్రభావాన్ని ఎదురు చక్రాలతో రద్దు చేసి, ట్రెయిల్‌ను కూడా తీసేసి, అంటే టైరు నేలను తాకే చోటును హ్యాండిల్ తిరిగే ఇరుసుకు రవ్వంత ముందుకే పెట్టి, చిన్న చక్రాల సైకిల్ ఒకటి తయారు చేశారు. తోసి వదిలితే అది తనంతట తనే నిలబడింది. దానిలో ముందు భాగం బరువును కిందికి, ముందుకు అమర్చారు. పొట్టి కర్ర పొడవు కర్ర కంటే తొందరగా పడుతుంది కదా, అలాగే ఆ ముందు భాగం వెనక భాగం కంటే తొందరగా పడబోయి హ్యాండిల్‌ను అటు తిప్పింది. దీన్నిబట్టి జైరోస్కోప్ గానీ ట్రెయిల్ గానీ తప్పనిసరి కాదని తేలింది. ఒరిగిన వైపు హ్యాండిల్ తిరిగేలా చేసే ఏర్పాటు ఏదో ఒకటి మాత్రం ఉండాలి.

ఈ స్వయం నిలకడ అన్ని వేగాల్లోనూ ఉండదు. 2007లో వాళ్లే ఒక నమూనా సైకిల్‌కు, దాని మీద కదలకుండా కూర్చున్న మనిషితో సహా, లెక్క కట్టారు. సెకనుకు 4.3 మీటర్ల నుంచి 6 మీటర్ల దాకా, అంటే గంటకు సుమారు 15 నుంచి 22 కిలోమీటర్ల మధ్య ఆ సైకిల్ ఎవరి సాయమూ లేకుండా నిలబడుతుంది. ఆ వేగానికి తక్కువైతే అటూ ఇటూ ఊగుడు పెరిగి పెరిగి పడుతుంది. ఎక్కువైతే ఊగదు గానీ ఒక పక్కకు నిదానంగా వాలుతూ, మలుపు బిగుసుకుంటూ పోతుంది. రెండోది ప్రమాదమేమీ కాదు, మనిషి చేతులు ఆ మెల్లని వాలుడును తెలియకుండానే దిద్దేస్తాయి. ఊగుడే ఇబ్బంది. ఈ అంకెలు ఆ నమూనావి, మీ సైకిల్‌కు వేరే ఉంటాయి.

ఇప్పుడు ఇంట్లో సైకిళ్ల సంగతికి వద్దాం. దిద్దుబాటు మిల్లీమీటర్లలో జరుగుతుంది అన్నాం. కాబట్టి హ్యాండిల్ ఆ మిల్లీమీటర్లకు అడ్డుపడకుండా తిరగాలి. నేర్చుకోవడానికి కష్టపడుతున్న పిల్లల సైకిల్ తెస్తే ముందు చూడాల్సింది పిల్లను కాదు, హ్యాండిల్ కింద ఉండే హెడ్‌సెట్ బేరింగులను. పైగొట్టం పట్టుకుని ముందు చక్రాన్ని నేల నుంచి లేపండి. హ్యాండిల్ తిన్నగా పెట్టి, సైకిల్‌ను ఓ 10 డిగ్రీలు పక్కకు వంచండి. హ్యాండిల్ తనంతట తనే మెత్తగా ఆ పక్కకు పడిపోవాలి. మధ్యలో ఆగిపోయినా, చేత్తో కదిపితేనే కదిలినా బేరింగ్ బిగుసుకుందని అర్థం. బ్రేకు వైరు పొట్టిగా ఉండి ఒక పక్కకు లాగుతున్నా ఇలాగే ఉంటుంది, మొదట ఆ వైరు చూసుకోండి. అలాంటి సైకిల్ మీద ఒకటి రెండు డిగ్రీల దిద్దుబాట్లు అసలు జరగవు. ఒరుగు నాలుగైదు డిగ్రీలు అయ్యాక, చెయ్యి బలంగా తిప్పాక, హ్యాండిల్ ఒక్కసారిగా కదులుతుంది, అవసరానికి మించి కదులుతుంది. తడి టైరు గీత తీసి చూస్తే అలలు పెద్దవిగా, వెడల్పుగా కనిపిస్తాయి. తొక్కేవాళ్లకు మాత్రం "నాకు బ్యాలెన్స్ రావడం లేదు" అనిపిస్తుంది.

ఇంకో రకం జబ్బు ఉంది. చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతుంటే సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు ఆగుతుంది. మన స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఇచ్చే దెబ్బలన్నీ హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడే తగులుతాయి. బేరింగులోని ఇనుప గుళ్లు ఒకే చోట మళ్లీ మళ్లీ అదిమి, బేరింగ్ గిన్నెలో గుంటలు పడతాయి. దీనికి గ్రీజు పెడితే లాభం లేదు, గిన్నెలు, గుళ్లు మార్చాల్సిందే. మొదటి రకానికి మాత్రం సర్దుబాటు చాలు. పాత రకం, మరలున్న హెడ్‌సెట్ అయితే పైన తాళం నట్టు వదులు చేసి, దాని కింద గిన్నెను కొద్దిగా, ఒక చుట్టులో ఎనిమిదో వంతు, వదులు చేసి, గిన్నె తిరగకుండా పట్టుకుని తాళం నట్టును బిగించాలి. ఆ నట్టు బిగించేటప్పుడు గిన్నెను మళ్లీ కిందికి నొక్కుతుంది, అందుకని బిగించాక ఇంకోసారి పరీక్షించండి. మరీ వదులుగా ఉండిపోయిందా అని తెలుసుకోవడానికి ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హెడ్‌సెట్ దగ్గర వేలు పెడితే టక్కు టక్కుమని కదలిక తెలిస్తే వదులు ఎక్కువైనట్టు.

హ్యాండిల్ బాగున్నా నేల సహకరించని చోట్లు ఉన్నాయి. రైల్వే గేటు దగ్గర పట్టా పక్కనుండే సందు, రోడ్డు పొడవునా చీలికలున్న కాలువ మూత, వీటిల్లో ముందు టైరు పడితే అది పక్కకు తిరగలేదు. అప్పుడు మీరు హ్యాండిల్ కట్టేసిన సైకిల్ మీద ఉన్నట్టే, సెకను లోపు పడతారు. అందుకే పట్టాలను ఏటవాలుగా కాకుండా అడ్డంగా, తొంభై డిగ్రీలకు దగ్గరగా దాటాలి. వానకాలంలో ముందు బ్రేకు గట్టిగా పట్టి చక్రం జారితే కూడా అంతే. జారుతున్న టైరు పక్కకు పట్టు ఇవ్వదు, హ్యాండిల్ ఎంత తిప్పినా గీత జరగదు. ఇసుక పడ్డ మలుపులకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. కుడికి మలుపు తిరగాలంటే సైకిల్ ముందు కుడికి ఒరగాలి. కుడికి ఒరగాలంటే టైర్లు ముందు కాస్త ఎడమకు జరగాలి. అంటే ప్రతి కుడి మలుపు ముందూ హ్యాండిల్ క్షణకాలం ఎడమకు తిరుగుతుంది. సైకిళ్లు తయారుచేసి అమ్మిన విల్బర్ రైట్, ఆ విమానం విల్బర్ రైటే, తొక్కేవాళ్లెవరికీ తాము ఇలా చేస్తున్నామని తెలియదని గమనించారు. మనం ఎడమవైపు పోతాం కాబట్టి దీని ప్రభావం ఫుట్‌పాత్ అంచు దగ్గర తెలుస్తుంది. అంచుకు అరచెయ్యి దూరంలో పోతున్న పిల్లాడు కుడికి తప్పుకోవాలనుకుంటాడు. దానికి ముందు ఎడమకు జరగాలి, అక్కడ జాగా లేదు. టైరు అంచుకు రాసుకుంటుంది, పడతాడు. అంచు లాగేసినట్టు ఉందంటారు పిల్లలు. కనీసం రెండడుగులు ఎడం ఉంచి తొక్కమనండి.

ఇక మీ ప్రశ్నలు.

వెనక వరుసలో మేడమ్ అడుగుతున్నారు, పాపకు ఐదేళ్లు, పక్క చక్రాలు పెట్టి నేర్పిస్తే తేలిక కదా అని. అమ్మా, పక్క చక్రాలున్న సైకిల్ ఒరగదు. ఒరగని సైకిల్ మీద "ఒరిగిన వైపు తిప్పు" అనే పాఠం అందదు. పైగా మూడు చక్రాల బండిలా, ఒరగకుండా, ఎటు పోవాలంటే అటే తిప్పడం అలవాటవుతుంది. అవి తీసేసిన రోజు ఆ అలవాటునంతా మానుకోవాలి. దానికి బదులు పెడల్స్ రెండూ విప్పేయండి, 15 మిల్లీమీటర్ల స్పానర్ చాలు. ఒక్క జాగ్రత్త, ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. సీటును రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేంత దించండి. గడ్డి గానీ సిమెంటు గానీ, వాహనాలు రాని చోట 20, 30 మీటర్ల చిన్న వాలు చూడండి. కాళ్లతో నెట్టుకుంటూ పోనివ్వండి. కాళ్లు పైకెత్తి వాలంతా దొర్లగలిగాక పెడల్స్ బిగించండి. మీరు పట్టుకోవాల్సి వస్తే హ్యాండిల్‌ను పట్టుకోవద్దు, సీటును నిటారుగా బిగించి పట్టుకోవద్దు. రెండూ పాపకు ఒరుగు తెలియకుండా చేస్తాయి. భుజాల దగ్గరో చంకల కిందో వదులుగా చేతులు ఉంచి పక్కనే పరుగెత్తండి.

ఇంకో ప్రశ్న, సార్ 20 లీటర్ల నీళ్ల క్యాను సైకిల్ మీద తెస్తారట, హ్యాండిల్‌కు సంచులు తగిలిస్తే ఎక్కువ ఊగుతోంది, క్యాను వెనక క్యారియర్ మీద ఉంటే అంత ఊగడం లేదు, ఎందుకని. సంచులు హ్యాండిల్‌తోపాటు తిరగాలి కదండీ. మిల్లీమీటర్లలో, పావు సెకనులో తిరగాల్సిన దానికి ఐదారు కిలోలు తగిలిస్తే కదలడం ఆలస్యమవుతుంది, కదిలాక ఆగడం ఆలస్యమవుతుంది. పైగా సంచులు లోలకాల్లా సొంతంగా ఊగుతూ హ్యాండిల్‌ను గుంజుతాయి. ఉల్లిపాయలైనా, బియ్యమైనా ఫ్రేముకు గానీ క్యారియర్‌కు గానీ కట్టండి, వీలైనంత కిందికి, రెండు పక్కలా సమానంగా. క్యాను 20 కిలోలు, అది కాస్త కూడా పక్కకు జరగకూడదు, రబ్బరు తాడు ఒకటి కాదు, అడ్డంగా నిలువుగా రెండు వేయండి. బయలుదేరేటప్పుడు నడుస్తూ తోసుకుంటూ నాలుగడుగులు వేసి, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతోందో లేదో చూసుకుని ఎక్కండి. వేగం గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు వచ్చేదాకా ఊగుడు ఉంటుంది, అప్పటిదాకా తొక్కడం ఆపొద్దు.